లోన్ అగ్రిమెంటులో గడువు ఉంది, తనఖా పత్రంలో లేదు: రిస్క్ నోట్ రాసేవాళ్లు చూడాల్సిన చోట్లు

లోన్ అగ్రిమెంట్, తనఖా పత్రం చేతికిచ్చి రిస్క్ నోట్ రాయమంటే చాలామంది ముందు 'డిఫాల్ట్ సందర్భాలు' అన్న శీర్షిక వెతుకుతారు. దాని కింద ఉన్న పది పన్నెండు అంశాలను కుదించి నోట్‌లోకి ఎక్కిస్తారు. వాయిదాల పట్టిక ఒకటి వెనక జత చేస్తారు. తనఖా పత్రంలోంచి ఆస్తి వివరాలు, హద్దులు తీసుకుంటారు. చూడటానికి నోట్ నిండుగానే ఉంటుంది. కానీ దాన్ని ముందు పెట్టుకుని "బీమా పాలసీ రెన్యువల్ వారం ఆలస్యమైంది, ఇప్పుడు మనం డిఫాల్ట్‌లో ఉన్నామా?" అని అడిగితే ఎక్కడా జవాబు దొరకదు.

దొరకకపోవడానికి కారణం ఉంది. డిఫాల్ట్ ఏ ఒక్క క్లాజులోనూ పూర్తిగా ఉండదు. చేయాల్సిన పని ఒక చోట ఉంటుంది. అందులో వాడిన మాటలకు అర్థం నిర్వచనాల్లో ఉంటుంది. ఎప్పటిలోగా చేయాలో ఒక షెడ్యూల్లో ఉంటుంది. తప్పితే సరిదిద్దుకోవడానికి ఎన్ని రోజులో డిఫాల్ట్ క్లాజులో ఉంటుంది. ఆ తర్వాత రుణదాత ఏం చేయగలడో తనఖా పత్రంలో ఉంటుంది. ఈ ఐదింటినీ ఒకే వరుసలోకి తెచ్చినప్పుడే అది రిస్క్ నోట్ అవుతుంది. లేకపోతే మిగిలేది సారాంశం మాత్రమే.

ఇది ఎలా చేయాలో చూడటానికి ఒక కల్పిత కేసు తీసుకుంటాను. ఒక కంపెనీ గిడ్డంగి కోసం 10 కోట్ల టర్మ్ లోన్ తీసుకుంది. ఆ గిడ్డంగినీ, దాని కింద స్థలాన్నీ తనఖా పెట్టింది. లోన్ అగ్రిమెంట్ మీద సంతకాలు 2024 మార్చి 12న జరిగాయి. మొదటి విడత డబ్బు 2024 ఏప్రిల్ 3న వచ్చింది, రెండో విడత మే 20న వచ్చింది. తనఖా పత్రం వేరే రోజు, వేరే లాయర్ల డ్రాఫ్టు మీద తయారైంది. ఈ చివరి వాక్యం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, కింద చెప్పబోయే చిక్కుల్లో పెద్దది అక్కడే పుట్టింది.

ముందు నిర్వచనాలు

మొదటి పేజీ నుంచి వరసగా చదవడం కంటే, నిర్వచనాల భాగం చదివి అందులో నాలుగు మాటల అర్థాలను విడిగా రాసి పెట్టుకోవడం మేలు. 'ఫైనాన్స్ డాక్యుమెంట్లు' అంటే ఏమేమిటి? 'పనిదినం' అంటే ఏమిటి? 'డిఫాల్ట్'కీ 'ఈవెంట్ ఆఫ్ డిఫాల్ట్'కీ తేడా ఏమిటి? డిఫాల్ట్ 'కొనసాగుతోంది' అని ఎప్పుడంటారు?

మొదటి ప్రశ్నకు మన కేసులో జవాబు: లోన్ అగ్రిమెంట్, తనఖా పత్రం, గ్యారంటీ, ఫీజు లెటర్, వీటితో పాటు "ఇరుపక్షాలూ అలా గుర్తించిన ఏ ఇతర పత్రమైనా". అంటే లోన్ అగ్రిమెంటులో "ఫైనాన్స్ డాక్యుమెంట్లలోని ఏ షరతునైనా పాటించకపోవడం" డిఫాల్ట్ అని రాసి ఉంటే, తనఖా పత్రంలోని ప్రతి చిన్న షరతూ లోన్ అగ్రిమెంట్ డిఫాల్ట్ క్లాజులోకి వచ్చి చేరుతుంది. గిడ్డంగికి పగుళ్లొస్తే బాగు చేయించడం, పన్ను రసీదు పంపడం, అద్దెకివ్వాలంటే ముందు అనుమతి తీసుకోవడం, అన్నీ. తనఖా పత్రాన్ని ఆస్తి వివరాల కోసం మాత్రమే చదివినవాళ్లకు ఇవేవీ కనిపించవు.

మూడో ప్రశ్న మీద కూడా కాస్త ఆగాలి. చాలా అగ్రిమెంట్లలో 'డిఫాల్ట్' అనే మాట విశాలమైనది. గడువు ముగిస్తేనో, నోటీసు ఇస్తేనో ఈవెంట్ ఆఫ్ డిఫాల్ట్‌గా మారగల పరిస్థితి కూడా అందులోకి వస్తుంది. కొత్త విడత డబ్బు ఆపేయడానికి రుణదాతకు సాధారణంగా ఆ 'డిఫాల్ట్' చాలు. మొత్తం అప్పు ఒకేసారి కట్టమనడానికి మాత్రం 'ఈవెంట్ ఆఫ్ డిఫాల్ట్' కావాలి. నోట్‌లో రెండింటినీ ఒకే మాటతో రాస్తే, పనులు మధ్యలో ఉండగా డబ్బు ఆగిపోయే ప్రమాదం చదివేవాళ్ల కంట పడదు.

వాయిదా తేదీని లెక్కకట్టి రాయాలి

మన అగ్రిమెంటులో తిరిగి చెల్లింపు క్లాజు ఇలా ఉంది: మొదటి విడత తీసుకున్న తేదీ నుంచి 12 నెలల మారటోరియం. అది ముగిశాక వచ్చే మొదటి త్రైమాసికపు చివరి రోజుతో మొదలుపెట్టి, 20 సమాన త్రైమాసిక వాయిదాలు. తేదీ ఒక్కటి కూడా రాసి లేదు. నోట్ రాసేవాళ్లే లెక్కకట్టాలి.

మారటోరియం 2024 ఏప్రిల్ 3 నుంచి మొదలైతే 2025 ఏప్రిల్ 3కి ముగుస్తుంది. ఆ తర్వాత వచ్చే త్రైమాసికాంతం 2025 జూన్ 30. అదే మొదటి వాయిదా, 50 లక్షలు. పొరపాటున సంతకాల తేదీ నుంచి లెక్కపెడితే మారటోరియం 2025 మార్చి 12కే ముగిసి, మొదటి వాయిదా మార్చి 31 అవుతుంది. తేడా పూర్తిగా ఒక త్రైమాసికం. ఈ రెండో లెక్కతో తయారైన పట్టికలు ఫైళ్లలో తరచూ కనిపిస్తాయి. ఎందుకంటే అగ్రిమెంట్ తేదీ మొదటి పేజీలోనే ఉంటుంది. డబ్బు వచ్చిన తేదీ కోసం బ్యాంకు స్టేట్‌మెంటూ, విడత కోరుతూ రాసిన లేఖా చూడాలి. అందుకే నోట్‌లో ప్రతి తేదీ పక్కన ఆ తేదీ ఎలా వచ్చిందో ఒక వాక్యం ఉండాలి: "మొదటి విడత 2024 ఏప్రిల్ 3, స్టేట్‌మెంట్ ప్రకారం, దానికి 12 నెలలు, ఆ తర్వాతి త్రైమాసికాంతం." రేపు ఎవరైనా తప్పు పట్టాలన్నా, సరిచూడాలన్నా వాళ్లకు దారి ఉంటుంది.

ఈ వరుసలో ఇరవయ్యో వాయిదా 2030 మార్చి 31న పడుతుంది. అది ఆదివారం. అగ్రిమెంటులో పనిదినం అంటే శని, ఆదివారాలూ బ్యాంకు సెలవులూ కాని రోజు అని ఉంది. చెల్లింపు తేదీ సెలవు రోజున పడితే ఏం చేయాలో చెప్పే నియమం చూడాలి. "తర్వాతి పనిదినానికి జరుగుతుంది" అని మాత్రమే ఉంటే సోమవారం, ఏప్రిల్ 1. "తర్వాతి పనిదినానికి జరుగుతుంది, కానీ అది వచ్చే నెలలో పడేటట్లయితే ముందరి పనిదినం" అని ఉంటే శుక్రవారం, మార్చి 29. మన కేసులో ఉన్నది రెండోది. క్యాలెండర్లో ఏప్రిల్ 1 అని గుర్తు పెట్టుకున్న ఖజానా విభాగం, చివరి వాయిదాను మూడు రోజులు ఆలస్యంగా కడుతుంది.

ఇది ఒక్క చివరి వాయిదాతో పోయేది కాదు. 2028 సెప్టెంబర్ 30 శనివారం. ఆ ఏడాది డిసెంబర్ 31 ఆదివారం. 2029లో మార్చి 31, జూన్ 30 రెండూ శనివారాలే, సెప్టెంబర్ 30 ఆదివారం. త్రైమాసికాంతం అంటే నెలాఖరే కాబట్టి, ముందుకు జరిపితే ప్రతిసారీ కొత్త నెలలో పడుతుంది. అందువల్ల ఈ నియమం కింద ఇవన్నీ వెనక్కే జరుగుతాయి. మొత్తం 20 వాయిదాల్లో ఆరు ఇలాంటివి. బ్యాంకు సెలవులు కలిస్తే ఇంకా పెరగవచ్చు. పట్టికలో రెండు నిలువు వరుసలు పెట్టండి: ఒప్పందం ప్రకారం తేదీ, నిజంగా డబ్బు చేరాల్సిన తేదీ. రెండోదానికే అలారం పెట్టాలి.

డబ్బు అందకపోతే సంగతి? మన అగ్రిమెంటులో వాయిదా తప్పితే అదే రోజు ఈవెంట్ ఆఫ్ డిఫాల్ట్. ఒక్క మినహాయింపు ఉంది: కారణం సాంకేతిక లేదా పాలనాపరమైన పొరపాటై, 3 పనిదినాల్లో కట్టేస్తే డిఫాల్ట్ కాదు. ఇంటర్నేషనల్ లోన్ మార్కెట్లో వాడే నమూనా అగ్రిమెంట్లలో ఈ తరహా మాటలు మామూలే. నోట్‌లో దీన్ని "3 రోజుల గ్రేస్" అని రాయడం చాలా ప్రమాదం. చేతిలో డబ్బు లేక ఆలస్యమైతే ఒక్క రోజు గ్రేస్ కూడా లేదు. సర్వర్ ఆగిపోయిందనో, ట్రాన్స్‌ఫర్ వెనక్కి వచ్చిందనో ఆధారం చూపగలిగితేనే ఆ మూడు రోజులు వర్తిస్తాయి. తప్పుడు క్యాలెండర్ చూసుకుని మూడు రోజులు ఆలస్యం చేయడం 'పాలనాపరమైన పొరపాటు' కిందకి వస్తుందా అంటే, అది వాదనకు తెరిచిన ప్రశ్న. అలాంటి ప్రశ్న మీద అప్పు భవితవ్యం ఆధారపడకుండా చూడటానికే ఆ రెండో నిలువు వరుస.

ఒక బీమా పాలసీ, రెండు గడియారాలు

ఇప్పుడు మొదట్లో అడిగిన ప్రశ్నకు వద్దాం. గిడ్డంగి బీమా పాలసీ 2025 అక్టోబర్ 31తో ముగుస్తుంది. లోన్ అగ్రిమెంటులో ఉన్నది ఇంతే: ఆస్తికి ఎప్పుడూ బీమా ఉండాలి, రెన్యువల్ అయిన 10 రోజుల్లో కాపీ పంపాలి. తనఖా పత్రం మరింత అడుగుతుంది: పాలసీ ముగిసే తేదీకి కనీసం 15 రోజుల ముందే రెన్యువల్ చేసి, ప్రీమియం కట్టిన రసీదు రుణదాతకు అందజేయాలి. అంటే గడువు అక్టోబర్ 16, గురువారం.

ప్రీమియం మీద బేరం తెగక, అక్టోబర్ 16 దాటిపోయింది అనుకుందాం. పాలసీ ఇంకా బతికే ఉంది, ఆస్తికి రక్షణ ఉంది. లోన్ అగ్రిమెంటులోని బీమా క్లాజు ఒక్కటే చదివినవాళ్లు ఏ సమస్యా లేదంటారు. కానీ తనఖా పత్రం ప్రకారం షరతు తప్పినట్టే. 'ఫైనాన్స్ డాక్యుమెంట్లు' అన్న నిర్వచనం దారిలో అది లోన్ అగ్రిమెంట్ డిఫాల్ట్ క్లాజులోకీ వచ్చేసింది.

ఆ క్లాజులో సరిదిద్దుకోవడానికి 15 పనిదినాలు ఉన్నాయి. ఎప్పటి నుంచి? "రుణదాత నోటీసు ఇచ్చిన రోజు, లేదా తప్పు జరిగిందని రుణగ్రహీతకు తెలిసిన రోజు, వీటిలో ఏది ముందైతే అప్పటి నుంచి." ఈ 'ఏది ముందైతే' అన్న మాటను నోట్లలో ఎంతమంది వదిలేస్తారో చెప్పలేను, అంత తరచుగా చూస్తుంటాం. రుణదాత అక్టోబర్ 24న నోటీసు పంపాడనుకోండి. నోటీసు నుంచి లెక్కపెట్టేవాళ్లకు 15 పనిదినాలు నవంబర్ 14కి పూర్తవుతాయి. కానీ కంపెనీ అకౌంట్స్ విభాగంలో అక్టోబర్ 17నే "రెన్యువల్ గడువు దాటింది" అని ఈమెయిల్ ఉంది. తెలిసిన రోజు అదే. అక్కడి నుంచి లెక్కపెడితే గడువు నవంబర్ 7, శుక్రవారం. మధ్యలో బ్యాంకు సెలవు వస్తే మాత్రం ఒకటి రెండు రోజులు జరుగుతుంది. నోటీసు చేతికి అందేసరికే గడువులో మూడో వంతు కరిగిపోయి ఉంటుంది. పైగా నవంబర్ 7 వరకు టైముంది కదా అని ఆగితే, అక్టోబర్ 31న పాలసీ ముగిసిపోయి, 'ఎప్పుడూ బీమా ఉండాలి' అన్న మరో షరతు కూడా తప్పుతుంది. ఆ తప్పుకు గడువు మళ్లీ వేరే.

ఇక్కడిదాకా ఒక గడియారం. రెండోది తనఖా పత్రంలో ఉంది. అందులో 'అమలు సందర్భం' అనే నిర్వచనం ఒకటి: "లోన్ అగ్రిమెంట్ కింద ఈవెంట్ ఆఫ్ డిఫాల్ట్, లేదా ఈ పత్రంలోని షరతులను తనఖా పెట్టినవారు పాటించకపోవడం". తర్వాతి క్లాజు, అమలు సందర్భం ఏర్పడిన వెంటనే ఆస్తిని స్వాధీనం చేసుకునే, అమ్మే, దాన్ని చూసుకోవడానికి రిసీవర్‌ను పెట్టే అధికారాలు రుణదాతకు వస్తాయని చెబుతుంది. 15 పనిదినాల ఊసు అక్కడ లేదు. లోన్ అగ్రిమెంట్ ప్రకారం ఇంకా ఈవెంట్ ఆఫ్ డిఫాల్టే కాని తప్పు, తనఖా పత్రం ప్రకారం అక్టోబర్ 17 ఉదయానికే అమలుకు తలుపు తెరిచింది.

లోన్ అగ్రిమెంటులో "రెండు పత్రాల మధ్య వైరుధ్యం ఉంటే ఈ అగ్రిమెంటే చెల్లుతుంది" అన్న క్లాజు ఉంది కదా అనవచ్చు. ఉంది. కానీ ఇది వైరుధ్యమేనా? ఒక పత్రం గడువు ఇచ్చింది, మరో పత్రం గడువు గురించి మాట్లాడలేదు. తనఖా పత్రం అదనపు హక్కు ఇస్తోందే తప్ప అగ్రిమెంటుకు ఎదురు చెప్పడం లేదని రుణదాత లాయరు వాదిస్తాడు. గడువు ఇచ్చిన ఉద్దేశమే దెబ్బతింటోందని రుణగ్రహీత లాయరు అంటాడు. ఏ దేశ చట్టం వర్తిస్తుందో, తనఖా ఆస్తిని అమ్మే ముందు ఆ చట్టం ఎలాంటి నోటీసు తప్పనిసరి చేస్తుందో కూడా ఇందులోకి వస్తాయి. నోట్ రాసేవారు ఇక్కడ తీర్పు చెప్పకూడదు. రెండు పాఠాలనూ క్లాజు నంబర్లతో పక్కపక్కన పెట్టి, 'లాయర్ అభిప్రాయం కావాలి' అని స్పష్టంగా రాయాలి. ప్రమాదం స్థాయిని మాత్రం కఠినమైన అర్థాన్ని బట్టే వేయాలి.

కంపెనీ అక్టోబర్ 28న పాలసీ రెన్యువల్ చేసి రసీదు పంపిందనుకుందాం. లోన్ అగ్రిమెంట్ కింద కథ ముగిసింది, తప్పు గడువులోపలే సరిదిద్దారు. తనఖా పత్రం కింద ముగిసిందా? నిర్వచనాల్లో నాలుగో ప్రశ్న అందుకే. 'కొనసాగుతోంది' అంటే "సరిదిద్దని, లేదా రుణదాత మాఫీ చేయని" అని ఉంటే ముగిసినట్టే. కానీ మన తనఖా పత్రంలో "రుణదాత రాతపూర్వకంగా మాఫీ చేయని" అని మాత్రమే ఉంది. పాలసీ కొత్తది వచ్చినా, రసీదు అందినా, రుణదాత లేఖ ఇచ్చేదాకా ఆ అమలు సందర్భం కొనసాగుతూనే ఉంటుంది. ఫోన్లో "పర్లేదు లెండి" అన్న మాట చాలదు. నోట్‌లో తీసుకోవాల్సిన చర్య ఒక్క వాక్యం: అక్టోబర్ 16 తప్పుకు రాతపూర్వక మాఫీ లేఖ తీసుకోవాలి, అందేవరకు ఈ అంశం మూసేయకూడదు.

ఎవరూ గిడ్డంగిని కొన్ని రోజుల ఆలస్యానికి వేలం వేయరు, నిజమే. ఆ హక్కు వాడేది అప్పుడు కాదు. రెండేళ్ల తర్వాత వ్యాపారం తగ్గి, వడ్డీ రేటు మీదో, అదనపు హామీ మీదో చర్చలు జరుగుతున్నప్పుడు, మాఫీ కాని పాత తప్పు ఫైల్లోంచి బయటికి వస్తుంది.

నిష్పత్తి 1.22నా, 1.16నా?

ఆర్థిక నిష్పత్తుల షరతుల్లో సంఖ్యను రాయడం సులువు. మన అగ్రిమెంటులో డీఎస్‌సీఆర్, అంటే అప్పు కట్టడానికి అందుబాటులో ఉన్న నగదుకీ కట్టాల్సిన అప్పుకీ మధ్య నిష్పత్తి, ప్రతి మార్చి 31 నాటికి 1.20కి తగ్గకూడదు. నోట్‌లో "కనీస డీఎస్‌సీఆర్ 1.20" అని రాసి ముందుకు వెళ్లిపోతే సగం పనే అయినట్టు.

2026 మార్చి 31తో ముగిసే ఏడాదికి నగదు 3.55 కోట్లు అనుకుందాం. ఈ లోన్ మీద అసలు 2 కోట్లు, వడ్డీ 90 లక్షలు, మొత్తం 2.90 కోట్లు. నిష్పత్తి 1.22, షరతు నెరవేరింది. అయితే కంపెనీకి మరో బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్ ఉంది, దాని మీద ఏడాదికి 15 లక్షల వడ్డీ. అగ్రిమెంటులో కట్టాల్సిన అప్పు అంటే "ఈ రుణం కింద" అని ఉందా, "రుణగ్రహీత మొత్తం ఆర్థిక రుణాల కింద" అని ఉందా? రెండోదైతే కింది అంకె 3.05 కోట్లు, నిష్పత్తి 1.16. అదే కంపెనీ, అదే ఏడాది, అవే లెక్కలు. ఒక నిర్వచనం వల్ల డిఫాల్ట్. కాబట్టి నిష్పత్తి వరుసలో సంఖ్యతో పాటు పైన ఏముంది, కింద ఏముంది అన్నది అగ్రిమెంట్ మాటల్లోనే రాసి, కిందటి ఏడాది లెక్కలతో ఒకసారి లెక్కకట్టి చూపాలి. 1.20 హద్దుకు ఎంత దూరంలో ఉన్నామో అప్పుడే తెలుస్తుంది.

తేదీల చిక్కు ఇక్కడా ఉంది. పరీక్ష మార్చి 31 నాటి స్థితికి. ఆడిటర్ సర్టిఫికెట్ ఇవ్వడానికి 90 రోజులు, అంటే జూన్ 29. లెక్క తప్పిందన్న సంగతి జూన్‌లో బయటపడినా, చాలా అగ్రిమెంట్ల భాషలో డిఫాల్ట్ మార్చి 31నే జరిగినట్టు లెక్క. మధ్యలో ఆ మూడు నెలల్లో "ఏ డిఫాల్టూ లేదు" అని కంపెనీ ఎక్కడైనా సంతకం చేసి ఉంటే, ఉదాహరణకు వడ్డీ కాలం మార్చమని కోరిన లేఖలో, ఆ ప్రకటన కూడా తప్పుడుదయ్యే ప్రమాదం ఉంది. దానికి మరో డిఫాల్ట్ క్లాజు ఉంటుంది. ఆర్థిక నిష్పత్తులకు సాధారణంగా సరిదిద్దుకునే గడువు వర్తించదు కూడా. ఏప్రిల్‌లోనే అంతర్గతంగా నిష్పత్తి లెక్కకట్టడం ఒక పనిగా నోట్‌లో, తేదీతో, బాధ్యుడి పేరుతో ఉండాలి.

వేరేవాళ్ల అప్పు, మారిపోయిన పరిస్థితి

ఇంకో రెండు డిఫాల్ట్ సందర్భాలకు తేదీలు ఉండవు కాబట్టి అవి పట్టికల్లో ఇమడవు, వాటిని వదిలేస్తుంటారు.

ఒకటి క్రాస్ డిఫాల్ట్. మరో బ్యాంకు అప్పులో తప్పు జరిగితే ఇక్కడా డిఫాల్ట్. చూడాల్సింది ఒక్క మాట. ఆ బ్యాంకు అప్పు మొత్తం వెంటనే కట్టమని 'కోరితే'నా, లేక 'కోరగల హక్కు వస్తే' చాలా? రెండోది చాలా కఠినం. అక్కడి బ్యాంకు మౌనంగా ఉన్నా, అక్కడి గడువులు ఇక్కడ మిమ్మల్ని కాపాడకపోవచ్చు. ఎంత మొత్తం దాటితే వర్తిస్తుందో, గ్రూపులోని ఏ కంపెనీలకు వర్తిస్తుందో కూడా రాయాలి. అప్పుడు ఆ రెండో అప్పు అగ్రిమెంటూ చదవక తప్పదు.

రెండోది 'తీవ్రమైన ప్రతికూల మార్పు' క్లాజు. ఇది ఎప్పుడు వర్తిస్తుందో పత్రం చూసి చెప్పడం కష్టం. గ్రూపో హోటెలెరో ఉర్వాస్కో కేసులో 2013లో ఇంగ్లండ్ హైకోర్టు చెప్పిన సంగతులు నోట్ రాసేవాళ్లకు పనికొస్తాయి. ఆర్థిక స్థితిలో మార్పు అని రాసి ఉంటే ప్రధానంగా కంపెనీ ఆర్థిక సమాచారాన్ని బట్టే చూడాలి. మార్పు తాత్కాలికమైనది కాకూడదు. సంతకం నాటికే రుణదాతకు తెలిసిన పరిస్థితిని సాకుగా చూపలేరు. నిరూపించే భారం రుణదాతదే. ఇది ఇంగ్లండ్ చట్టం కింద మాట, వేరే చట్టం వర్తించే అగ్రిమెంటుకు యథాతథంగా అతికించకూడదు. అయినా ఒక ఆచరణ సూచన ఇందులో ఉంది: సంతకం రోజున రుణదాతకు ఏమేం చెప్పారో ఆ కాగితాల జాబితా నోట్‌కు జత చేసి ఉంచుకోవాలి. కొన్ని అగ్రిమెంట్లలో "రుణదాత అభిప్రాయంలో" అన్న మాట ఉంటుంది. అప్పుడు రుణగ్రహీత వైపు ప్రమాదం బాగా పెరుగుతుంది, నోట్‌లో ఆ మాటను విడిగా ఎత్తి చూపాలి.

ఒక వరుస పూర్తిగా

పైన చూసిన బీమా అంశాన్ని నోట్‌లో నేను ఇలా రాస్తాను:

చేయాల్సింది: గిడ్డంగి బీమా ముగియడానికి 15 రోజుల ముందే రెన్యువల్ చేసి, ప్రీమియం రసీదు రుణదాతకు ఇవ్వాలి.
ఎక్కడుంది: తనఖా పత్రంలోని బీమా క్లాజు. లోన్ అగ్రిమెంట్ బీమా క్లాజు ఇంతకంటే తేలిక.
తేదీ: 2025 అక్టోబర్ 16. ఆధారం: ప్రస్తుత పాలసీ 2025 అక్టోబర్ 31తో ముగుస్తుంది. తర్వాత ప్రతి ఏటా మళ్లీ.
తప్పితే: లోన్ అగ్రిమెంట్ కింద డిఫాల్ట్, 15 పనిదినాల్లో సరిదిద్దకపోతే ఈవెంట్ ఆఫ్ డిఫాల్ట్. లెక్క నోటీసు లేదా మనకు తెలిసిన రోజు, ఏది ముందైతే అప్పటి నుంచి. తనఖా పత్రం కింద గడువు లేదు, అమలు హక్కు వెంటనే.
ముగిసేది: లోన్ అగ్రిమెంట్ కింద సరిదిద్దితే. తనఖా పత్రం కింద రాతపూర్వక మాఫీతోనే.
తేలనిది: రెండు పత్రాల్లో ఏది చెల్లుతుంది. లాయర్ అభిప్రాయం కావాలి.
బాధ్యత: ఫైనాన్స్ మేనేజర్. సెప్టెంబర్ 1 నుంచే కొటేషన్లు.

ప్రతి షరతుకూ ఇంత రాయాల్సిన పని లేదు. గడువు లేని తప్పులు, రెండు పత్రాలూ వేర్వేరుగా మాట్లాడేవి, ఇతరుల చేతిలో ఉన్నవి, వీటికి ఇంత వివరం ఇవ్వండి. త్రైమాసిక లెక్కలు పంపడం లాంటి వాటికి తేదీ, క్లాజు నంబరు, గడువు చాలు. అన్నింటికీ సమానంగా చోటిస్తే, నలభై వరుసల మధ్య ప్రాణం తీసే మూడు వరుసలు కనబడకుండా పోతాయి.

సంతకాల తర్వాత వచ్చిన సవరణ లేఖలు, మాఫీ లేఖలు, వడ్డీ మార్పు ఉత్తరాలు అన్నీ అడిగి తీసుకున్నాకే నోట్ మీద తేదీ వేయాలి. అసలు అగ్రిమెంటులో 1.20 ఉన్న నిష్పత్తి, ఒక పేజీ సవరణ లేఖలో 1.30 అయి ఉండవచ్చు. ఏయే పత్రాలు చూశారో, ఏవి అడిగినా రాలేదో పైనే రాయండి.

చివరి వరుస చివరి వాయిదాకే పరిమితం కాకూడదు. 2030 మార్చి 29న ఆఖరి 50 లక్షలు కట్టేసినంత మాత్రాన గిడ్డంగి మీద తనఖా దానంతటదే పోదు. మన తనఖా పత్రంలో భద్రత పొందిన అప్పు అంటే "ఈ రుణంతో పాటు, తనఖా పెట్టినవారు రుణదాతకు ఇప్పుడు గానీ ఇకముందు గానీ బాకీ పడే ఏ మొత్తమైనా" అని ఉంది. అదే బ్యాంకులో కంపెనీకి గ్యారంటీ లిమిటో, క్రెడిట్ కార్డు బాకీయో మిగిలి ఉంటే, పత్రం దాన్నీ పట్టుకుని ఉంటుంది. కాబట్టి ఆ వరుసలో మూడు పనులు ఉంటాయి: ఆ బ్యాంకులో మిగతా బాకీల జాబితా 2030 జనవరిలోనే తెప్పించుకోవడం, బాకీ లేదన్న లేఖ తీసుకోవడం, తనఖా విడుదల పత్రం రాయించి రిజిస్టర్లో పాత నమోదు తొలగిందో లేదో సరిచూడటం. విడుదలకు రుణదాతకు ఎన్ని రోజుల గడువుందో క్లాజులో లేకపోతే, అది కూడా 'తేలనిది' కింద రాయాలి.